ఓపెన్ డే ఎవరికి ఓపెన్?



ఈ సీజన్‌లో ప్రైవేటు స్కూళ్ల అడ్మిషన్ పోస్టర్లు అన్నీ ఒకేలా ఉంటాయి. ‘అడ్మిషన్లు ప్రారంభం. ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఫలానా. తల్లిదండ్రులకు ఓపెన్ డే.’ పైన టై కట్టుకున్న పిల్లల ఫోటో. యారాడ కొండకి అటు పక్క గాజువాక నుంచి వచ్చే పోస్టర్లయినా ఇంతే. వాటిలో ఉన్నది కాదు, లేనిది చదవండి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. దాని సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు స్కూల్ ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, అణగారిన పిల్లలకి ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్ర నిబంధనల్లో అందులో 10 శాతం ఎస్సీలకి, 4 శాతం ఎస్టీలకి. 40 మంది ఉన్న క్లాసులో 10 సీట్లు మనవి, అందులో 4 దళిత పిల్లలవి. ఫీజు తేదీకి చోటున్న పోస్టర్‌లో ఈ ఒక్క లైనుకి చోటు దొరకదు. తెలియని హక్కుని ఎవరూ అడగరు కదా!

ఇక ఓపెన్ డే. బిల్డింగ్ చూపిస్తే తప్పు లేదు. కానీ ‘నాన్న ఏం చేస్తారు? ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడతారా?’ అని అడిగి, ఆ జవాబుని బట్టి సీటు ఇస్తే అది వడపోత. సెక్షన్ 13 పిల్లలనే కాదు, తల్లిదండ్రులని వడపోయడాన్ని కూడా నిషేధించింది. మొదటిసారి జరిమానా 25 వేల వరకు, మళ్లీ చేస్తే ప్రతిసారీ 50 వేల వరకు. వలలు అల్లే తల్లిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్న పేరు ఇంటర్వ్యూ కాదు, కులం వాసన చూడటం.

స్కూలుదే తప్పంటే సగమే నిజం. చట్టం ప్రకారం ఆ ఫీజు ప్రభుత్వం స్కూలుకి తిరిగి చెల్లించాలి. మన రాష్ట్రం మాత్రం 2023లో, తల్లి ఖాతాలో పడే అమ్మఒడి డబ్బులోంచి ఆ ఫీజు తల్లే కట్టాలంది. ఉచిత సీటు బిల్లు తల్లి కొంగుకే కట్టారు! పైగా ‘ఇరుగుపొరుగు’ అనే షరతు ఉంది. దరఖాస్తుల్లో కిలోమీటరు లోపు ఇళ్లకి ముందు, మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకి తర్వాత. కొండ చుట్టి వెళ్లాల్సిన యారాడ పిల్లకి ఏ స్కూలు ఇరుగు, ఏది పొరుగు?

విద్యార్థి మిత్రులారా, ఈసారి ఓపెన్ డేకి తల్లులతో మీరూ వెళ్లండి. కాగితం మీద రాసి మూడు అడగండి: ఒకటో తరగతిలో మొత్తం సీట్లెన్ని? 12(1)(సి) కింద ఎన్ని? పోయినేడాది ఎన్ని నింపారు? ‘మాది మైనారిటీ స్కూలు’ అంటే ఆ సర్టిఫికెట్ చూడండి. 2014 సుప్రీంకోర్టు తీర్పు వాళ్లకి మినహాయింపు ఇచ్చింది, పక్కవాళ్లకి కాదు. జవాబు రాకపోతే అదే కాగితం ఎంఈఓ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

ఆఖరి తేదీ మనకే ఎందుకుండాలి? వాళ్లకీ ఒకటి పెడదాం.