‘చేద్దాం’ అంటే... ఎవరు?

‘కరెంటు బిల్లు కట్టేద్దాం’ అని ఇంట్లో అందరూ అనుకుంటారు. తీరా ఆఖరి తేదీ దాటాక చూస్తే ఎవరూ కట్టి ఉండరు. ఆవిడ కట్టిందని ఆయన, అబ్బాయి కట్టాడని ఆవిడ అనుకుంటారు. నాలుగైదు విభాగాల వాళ్లు వారం వారం కూర్చునే ఆఫీసు మీటింగుల్లోనూ అచ్చం ఇదే జరుగుతుంది.

నేను గతంలో ఓ పంపుల తయారీ కంపెనీలో పనిచేశాను. ప్రతి సోమవారం సేల్స్, డిజైన్, పర్చేజ్, ప్రొడక్షన్, డిస్పాచ్ వాళ్లం గంటన్నర కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరు తమ సంగతులు చెబుతుంటే మిగతావాళ్లం తలలూపేవాళ్లం. ఓసారి 40 పంపుల ఆర్డరు వచ్చింది. నేమ్‌ప్లేటు మీద తమ ప్లాంటు నంబరు కూడా ఉండాలని కస్టమర్ అడిగాడు. మూడు మీటింగుల్లో ఆ మాట వచ్చింది. మూడుసార్లూ ‘త్వరగా చేయిద్దాం’ అనుకుని లేచాం.

నెలాఖరుకి పంపులు తయారయ్యాయి. టెస్టింగ్ అయింది, రంగు వేశారు. నేమ్‌ప్లేట్లు మాత్రం లేవు. ఆరా తీస్తే, వాటికి ఆర్డరే వెళ్లలేదు!

‘డ్రాయింగుకి కస్టమర్ ఆమోదం సేల్స్ వాళ్లు తెస్తారనుకున్నానండీ’ అన్నారు పర్చేజ్ ఆయన.

‘డిజైన్ వాళ్లే కస్టమర్‌కి పంపేశారనుకున్నాం’ అన్నారు సేల్స్ వాళ్లు.

అరచేతిలో పట్టే రేకుముక్క కోసం 40 పంపులు 9 రోజులు గోడౌన్లో ఉండిపోయాయి. ఎవరూ బద్ధకించలేదు. తప్పంతా ‘చేయిద్దాం’లోనే ఉంది. ఆ మాటలో కర్త ‘మనం’. ఆఫీసులో ‘మనం’ అంటే ఎవరూ కాదు.

ప్రశ్నగా రాయండి

ఆ తర్వాత మీటింగుని అరగంటకి కుదించాం. ఎజెండా శనివారం సాయంత్రమే అందరికీ వెళ్లేది. నాలుగు అంశాలు మించకూడదు. ఒక్కోదాని పక్కన ఎన్ని నిమిషాలో రాసేవాళ్లం. అన్నిటికన్నా పనికొచ్చిన మార్పు ఏమిటంటే, అంశాన్ని ప్రశ్నగా రాయడం. ‘నేమ్‌ప్లేట్ల విషయం’ అని రాస్తే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ‘నేమ్‌ప్లేట్లు పాత సప్లయరుకి ఇవ్వాలా, కొత్తవాళ్లకా?’ అని రాస్తే జవాబు రాగానే ఆ అంశం ముగిసినట్టే. ప్రశ్నగా మార్చడానికి వీల్లేనిది ఉత్త సమాచారం. దాన్ని కాగితం మీద ముందే పంపేస్తే చాలు.

మధ్యలో ఇద్దరికి మాత్రమే సంబంధించిన చర్చ మొదలైతే, దాన్ని పక్కన రాసిపెట్టి ‘మీటింగయ్యాక మీరిద్దరూ తేల్చుకోండి’ అనేవాళ్లం. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. ఖాళీగా కూర్చునే మిగతావాళ్లు మాత్రం సంతోషించారు.

ఒక పేరు, ఒక తేదీ

నిర్ణయాలకి ఓ రిజిస్టరు పెట్టాం. ఏం నిర్ణయించాం, ఎందుకు, ఎవరు చేయాలి, ఎప్పటికి... అంతే. ‘ఎందుకు’ అనేది ఒక్క వాక్యమే అయినా రాయాలి. లేకపోతే వచ్చేవారం ఎవరో అదే చర్చ మళ్లీ మొదలుపెడతారు. రాసి ఉంటే, ‘కొత్త సంగతేమైనా ఉందా?’ అని అడగొచ్చు.

‘ఎవరు’ అన్నచోట విభాగం పేరు రాయకూడదు, మనిషి పేరే రాయాలి. ఇద్దరి పేర్లు రాస్తే మళ్లీ కరెంటు బిల్లు కథే. ఆ మనిషి మీటింగులో ఉండాలి, తన నోటితో ‘సరే’ అనాలి. లేనివాళ్ల నెత్తిన పని వేస్తే అది జరగదు. తేదీ దగ్గర ‘త్వరలో’ అని కాకుండా ‘గురువారం సాయంత్రం’ అని ఉండాలి. చివరి 5 నిమిషాల్లో రాసిందంతా పైకి చదివేవాళ్లం. ‘నేను ఒప్పుకున్నది అది కాదే’ అన్న మాట అప్పుడే బయటపడేది.

మరుసటి సోమవారం మొదటి పని ఆ రిజిస్టరు చూడటమే. ‘అయింది’, ‘కాలేదు’... ఈ రెండే జవాబులు. కాకపోతే కొత్త తేదీ. ఒకే పని రెండు వారాలు ‘కాలేదు’ అని వస్తే మనిషిని తప్పుపట్టే ముందు పనిని చూడాలి. అది ఒక్కరు మోయలేనంత పెద్దదై ఉంటుంది, లేదా అది చేసే అధికారం ఆయనకి ఉండదు. మొదటిదైతే ముక్కలు చేయాలి. రెండోదైతే అధికారం ఉన్నవాళ్ల పేరు రాయాలి.

అన్నీ అరగంటలో తేలవు. కొత్త మోడల్ ఎలా ఉండాలన్నలాంటి చర్చకి ముగ్గురో నలుగురో విడిగా తీరిగ్గా కూర్చోవాల్సిందే. వారం మీటింగులో రాయాల్సింది ఒక్కటే: ఆ కూర్చోబెట్టే బాధ్యత ఎవరిది, ఏ రోజుకి?

మీ మీటింగులో ‘చేద్దాం’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. వచ్చిన ప్రతిసారీ ‘ఎవరండీ?’ అని అడగండి.