అది చట్టమే, అందుకే దాన్ని రద్దు చేయించాల్సి వచ్చింది



ఆగస్టు 31న విముక్త జాతుల దినం గురించి రాసుకునే ప్రతిసారీ మనలో ఎవరో ఒకరు ఒక మాట అంటారు: "క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అసలు చట్టమే కాదు. అంత అన్యాయాన్ని చట్టం అని ఎలా అంటాం?" ఆ కోపం మనందరిదీ. కానీ ఆ మాట ఒప్పుకోం. అది మన తాతలకు చేసిందేమీ లేదు, మనకూ నష్టమే.

ఆ మాట వెనక పాత వాదం ఉంది. దాన్ని సహజ చట్ట సిద్ధాంతం అంటారు. అన్యాయమైన చట్టం చట్టమే కాదని సెయింట్ అగస్టీన్ కాలం నుంచీ చెప్తున్నారు. దీనికి ఎదురు వాదం లీగల్ పాజిటివిజం. చట్టం ఉందా లేదా అనేది ఒక ప్రశ్న, అది మంచిదా చెడ్డదా అనేది వేరే ప్రశ్న అని 19వ శతాబ్దంలో జాన్ ఆస్టిన్ తేల్చాడు. ఈ రెండో వాదం దొరల వాదంలా వినిపిస్తుంది. కానీ యెరుకల వాళ్ల మీద ఏం జరిగిందో దగ్గరగా చూడండి.

1871లో పుట్టిన ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ మీదకి వచ్చింది. ఒక తెగ నేరాలకు అలవాటు పడిందని ప్రభుత్వం నమ్మితే చాలు, గెజిట్‌లో నోటిఫికేషన్ వేసేది. ఆ తర్వాత ఆ తెగవాళ్ల పేర్లు రిజిస్టర్‌లోకి, వేలిముద్రలు ఫైల్లోకి. చెప్పిన వేళకి హాజరు వేయించుకోవాలి. కదలికల మీద ఆంక్షలు. కుటుంబాలకు కుటుంబాలను సెటిల్మెంట్లలో పెట్టారు. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో మొదలైన స్టూవర్టుపురం అలాంటిదే. ఇక అన్నిటికన్నా ఘోరం 1924 చట్టంలోని 29వ సెక్షన్: నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ అడగకూడదు.

ఇప్పుడు చెప్పండి. యెరుకల మనిషి స్టేషన్ ముందు నిలబడి "ఇది అన్యాయం, కాబట్టి చట్టం కాదు" అంటే ఏం జరిగేది? హాజరు తప్పినందుకు శిక్ష పడేది. శిక్ష వేసింది రౌడీలు కాదు, సంతకాలూ సీళ్లూ ఉన్న మేజిస్ట్రేట్లు.

సహజ చట్టం వైపు నుంచి గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేసి పోం. అమెరికా పండితుడు లాన్ ఫుల్లర్ ఏమంటాడంటే, మనిషి పాటించలేని నియమం చట్టం అనే పేరుకే తగదు. దొంగతనం చేయొద్దంటే మానొచ్చు. యెరుకల ఇంట్లో పుట్టొద్దంటే ఎట్లా పాటిస్తాం? నిజమే, ఆ చట్టం ఎంత కుళ్లిందో చూపించడానికి ఇంతకన్నా మంచి మాట లేదు. కానీ కుళ్లిందని నిరూపిస్తే రిజిస్టర్‌లో పేరు చెరిగిపోదు.

జర్మనీలో హిట్లర్ పోయాక రాడ్‌బ్రుక్ ఒక ఆరోపణ చేశాడు: చట్టం చట్టమే అనే అలవాటే జడ్జీలను బానిసల్ని చేసిందని. 1958లో హార్ట్ దానికి జవాబిచ్చాడు. ఇది చట్టమే, కానీ పాటించలేనంత దుర్మార్గం అని సూటిగా చెప్పొచ్చు కదా అన్నాడు. మేం హార్ట్ పక్షం. "చట్టమే" అన్నంత మాత్రాన తల వంచాలని కాదు. "చట్టం కాబట్టి పాటించు" అనేవాళ్లు పాజిటివిజాన్ని సగమే చదివారు.

ఆ మాట మనకెందుకు నష్టం? అది చట్టమే కాదంటే రాజ్యం చేతులు దులుపుకుంటుంది, ఏదో తెల్లదొరల పిచ్చి అని తేల్చేస్తుంది. చట్టమే అంటే మాత్రం చేసిందెవరు, సంతకం ఎవరిది, బాకీ ఎవరిది అని అడగొచ్చు. పోయింది కూడా చట్టం దారిలోనే. మద్రాసులో 1947లో దాన్ని రద్దు చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చారు. దేశం మొత్తం మీద, అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తర్వాత, 1952 ఆగస్టు 31న రద్దయింది. తనంతట తాను చావలేదు.

చచ్చాక కూడా నీడ మిగిలింది. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్తుల చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. కాగితం మీద తెగ పోయి వ్యక్తి వచ్చాడు. కానీ కొన్ని రాష్ట్రాల జైలు నియమాల్లో తెగను బట్టి నేరస్తుల్ని లెక్కేసే రాతలు మిగిలే ఉన్నాయి. 2024 అక్టోబర్ 3న వాటిని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎట్లా? ఆ రాతలు నియమాలే కాదని కాదు, రాజ్యాంగానికి విరుద్ధమని. అన్యాయం అనే మాటకి రాజ్యాంగంలో ఆర్టికల్ నంబర్ దొరికింది కాబట్టే కోర్టు వినాల్సి వచ్చింది.

కాబట్టి ఈసారి ఆగస్టు 31న "అది చట్టం కాదు" అని రాయకండి. "అది చట్టమే, దుర్మార్గపు చట్టం, దాని రాతలు ఇంకా ఎక్కడున్నాయో చూపిస్తాం" అని రాయండి. రెడ్డిగూడెం నుంచి తిరువూరు దాకా లా చదివే మన పిల్లలు 1962 చట్టం తెచ్చుకుని సెక్షన్ సెక్షన్‌గా చదవాలి. దాన్ని కూడా తీయించాల్సింది మనమే.

జోహార్.