కొనుక్కున్న చింతపిక్కలు

"ఇది డబ్బు పెట్టి ఆడే ఆట కాదండీ, ఉత్తుత్తి నాణేలు!" అంటారు ఫోనులో కాసినో ఆడేవాళ్ళు. చింతపిక్కలతో ఆడితే జూదమా, గవ్వలతో ఆడితే జూదమా అని ఎదురుప్రశ్న కూడా వేస్తారు. కాదు, ఒప్పుకుంటాను. కానీ మన అమ్మమ్మలకు చింతపిక్కలు అయిపోతే వంటింట్లోంచి ఇంకో గుప్పెడు తెచ్చుకునేవారు. పక్కింటావిడ దగ్గర గుప్పెడు ఇంతని కొనేవారు కాదు. అసలు తేడా అక్కడుంది!

అమెరికాలో "బిగ్ ఫిష్ కాసినో" అని ఒక ఆట ఉంది. చేరగానే కొన్ని చిప్పులు ఉచితంగా ఇస్తారు. అవి అయిపోయాక ఆట సాగాలంటే కొనుక్కోవాలి. ఒక్కో కట్ట ధర సుమారు రెండు డాలర్ల నుంచి దాదాపు 250 డాలర్ల దాకా. గెలిస్తే ఏమిస్తారంటారా? ఇంకొన్ని చిప్పులు! వాటిని కంపెనీ తిరిగి కొనదు. వాటికి డబ్బు విలువ లేదని షరతుల్లో రాసిపెట్టారు కూడా. అంటే అమ్మేటప్పుడు వాటికి ధర ఉంది, గెలిచినప్పుడు విలువ లేదు. ఇంత ముచ్చటైన బేరం బంగారం కొట్లో కూడా చూడం!

వెయ్యి డాలర్లకు పైగా పోగొట్టుకున్న ఒకావిడ వాషింగ్టన్ రాష్ట్రంలో దావా వేసింది. కింది కోర్టు కొట్టేసింది. 2018లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు మాత్రం ఆవిడ మాట విన్నది. ఆ చిప్పులు లేకపోతే ఆట సాగదు, ఆట సాగనిచ్చేదే విలువైన వస్తువు, కాబట్టి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం ఇది జూదమే అన్నది. తర్వాత 2020లో ఆ ఆట తాలూకు కంపెనీలు 15 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ పడ్డాయి. అయితే ఇది వాషింగ్టన్ చట్టం మాట. ఇంకో ఆట విషయంలో మేరీలాండ్ చట్టం కింద 2017లో అప్పీలు కోర్టు తీర్పు ఆటగాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ సందుల్లోంచే వ్యాపారం నడుస్తోంది.

ఇక దీని చెల్లెలు ఇంకా గడుసుది. దాని పేరు స్వీప్‌స్టేక్స్ కాసినో. ఇందులో నాణేలు రెండు రకాలు. బంగారు నాణెం ఉత్తుత్తిది, దాన్ని డబ్బిచ్చి కొంటారు. దానితో పాటు "బహుమతి"గా స్వీప్స్ నాణెం వస్తుంది, దాన్ని గెలుచుకుంటే డాలర్లుగా మార్చుకోవచ్చు. చీర కొంటే జాకెట్టు గుడ్డ ఉచితం అన్నట్టు పైకి కనిపిస్తుంది. కాని ఇక్కడ జనం కొనేది జాకెట్టు గుడ్డ కోసమే! కొనకుండా ఉత్తరం రాసి కూడా కొన్ని నాణేలు తెచ్చుకోవచ్చంటారు. ఆ ఉత్తరం దారి ఉండబట్టే, ఇది జూదం కాదు, లక్కీ డ్రా అని వాదిస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పది డాలర్లు పెడితే పది స్వీప్స్ నాణేలు వచ్చాయనుకోండి. యాభై పోగైతే గాని డబ్బుగా మార్చం అని నిబంధన అనుకోండి. యంత్రం వందకు సగటున తొంభై అయిదు తిరిగి ఇస్తుందనుకుందాం, ఉదారమే! మొత్తం ఒకసారి తిప్పితే సగటున తొమ్మిదిన్నర మిగులుతాయి. మిగిలినవన్నీ మళ్ళీ మళ్ళీ తిప్పుతూ పదిసార్లయ్యేసరికి ఆరు, ఇరవై సార్లకు మూడున్నర. ఎవరికో ఒకరికి యాభై దాటుతాయి, ఆ ఒక్కరి బొమ్మ ప్రకటనలో వేస్తారు. మిగతావాళ్ళు ఇంకో పది డాలర్లు పెడతారు. కాలిఫోర్నియా 2025లో ఈ రెండు నాణేల పద్ధతిని నిషేధిస్తూ చట్టం చేసింది, 2026 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది.

మన దేశంలో 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బిచ్చి కొన్న నాణేలు, టోకెన్లు కూడా పందెమే అంటుంది. మంచిదే. కాని డబ్బు వస్తుందన్న ఆశే లేకుండా, కేవలం ఆట సాగడానికి చిప్పులు అమ్మే మొదటి రకం ఆటకు ఆ నిర్వచనం సరిగ్గా అతకదు. దాని దగ్గర మనకు మనమే కాపలా.

ఎలా కనిపెట్టాలంటారా? నాణేలు అయిపోయిన క్షణాన తెర మీద ఏం వస్తుందో చూడండి. "రేపు రండి" అంటే ఆట. "ఈ పది నిమిషాలే సగం ధర" అంటే అంగడి. ఆ ఆటలో మీరు పెట్టింది లక్షల నాణేల్లో చూపిస్తారే గాని రూపాయల్లో చూపించరు. అందుకని ఫోనులో కొనుగోళ్ళ చిట్టా తెరిచి, మూడు నెలలవీ పాల లెక్క కూడినట్టు కాగితం మీద కూడండి. డాక్రా పొదుపు కట్టే చేత్తో, పాలవాడి దగ్గర రూపాయికి బేరమాడే నోటితో ఆ మొత్తం ఒకసారి పైకి చదవండి.

ధర తెలిసి సరదా కొనుక్కుంటే అది మీ ఇష్టం, కాదనను. ధరే లేదని నమ్మించి అమ్మడాన్ని మాత్రం ఆట అనకండి.