వడ్డీ వేశాం కదా అనుకుంటే పొరపాటే!

మొన్న పండక్కి ఊరెళ్తే మా బాబాయి ఓ ప్రాజెక్టు రిపోర్టు చేతిలో పెట్టాడు. గానుగ నూనె యూనిట్ పెడతాడట. 10 లక్షల పెట్టుబడి, మొత్తం 12 శాతం వడ్డీకి అప్పు. రిపోర్టు రాసిచ్చినాయన మొదటి పేజీలోనే లావుపాటి అక్షరాలతో "ఐఆర్ఆర్ 19 శాతం" అని కొట్టించాడు. "12కి తెచ్చి 19 సంపాదిస్తున్నాం, ఇంకేం కావాల్రా?" అని బాబాయి ధీమా. కోడు రాసుకునే నన్ను అడిగితే నేనేం చేస్తాను, ఎక్సెల్ తెరిచాను. వడ్డీ, కిస్తీ తియ్యక ముందు లెక్క ఇదీ, లక్షల్లో:

```
B2  -10
B3    4
B4    4
B5   -2
B6    5
B7    6
=IRR(B2:B7)            19.03%
=MIRR(B2:B7,12%,7%)    13.48%
```

మూడో ఏడు గానుగలు మార్చాలి కాబట్టి ఆ ఏడు వచ్చింది పోను ఇంకో 2 లక్షలు చేతినుంచి పడతాయి. చివరి ఏడు మిషన్లు అమ్మితే వచ్చేదీ కలిపి 6.

19ని చూసి మొత్తం డబ్బు ఐదేళ్లూ 19 చొప్పున పెరిగిపోతుందనుకుంటాం. అలా జరగాలంటే మొదటి ఏడు చేతికొచ్చిన 4 లక్షలు కూడా తర్వాతి నాలుగేళ్లూ 19 శాతం సంపాదించి 8 లక్షలు దాటాలి. బాబాయేమో వాటిని బ్యాంకులో ఫిక్స్‌డ్ వేస్తానంటున్నాడు. 7 శాతం అనుకుంటే అయ్యేది 5.24 లక్షలే. అందుకే మోడిఫైడ్ ఐఆర్ఆర్ రెండు రేట్లు విడివిడిగా అడుగుతుంది. బయటికెళ్లే డబ్బుని ఫైనాన్స్ రేటుతో ఈ రోజుకి లాక్కొస్తుంది: 10కి, మూడో ఏటి 2 లక్షల నేటి విలువ 1.42 కలిపితే 11.42. వచ్చే డబ్బుని రీఇన్వెస్ట్‌మెంట్ రేటుతో ఐదో ఏడు చివరికి తోస్తుంది: 21.49. 11.42 ఐదేళ్లలో 21.49 అవ్వాలంటే ఏటా ఎంత పెరగాలి? 13.48 శాతం. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు.

అసలు తిరకాసు ఇక్కడే మొదలైంది. "వడ్డీ 12 కూడా వేసేశావుగా, అయినా 13.48 మిగిలింది. ఇంకా నయం!" అన్నాడు బాబాయి. చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అనుకోవడం నేను చూశాను. నేనేం వాదించకుండా 12 తీసేసి 18 కొట్టాను. ఎంఐఆర్ఆర్ తగ్గలేదు సరికదా, 13.89కి పెరిగింది! అప్పు ప్రియమైతే ప్రాజెక్టు బాగుపడుతుందా ఎక్కడైనా?

కారణం చిన్నదే. మొదటి 10 లక్షలు ఈ రోజువే కాబట్టి ఫైనాన్స్ రేటు వాటిని ముట్టుకోదు. అది పనిచేసేది మూడో ఏటి 2 లక్షల మీదే. రేటు పెరిగేకొద్దీ వాటి నేటి విలువ ఇంకా చిక్కిపోతుంది. అంటే ఈ ఫార్ములా వడ్డీని కోసెయ్యదు. వచ్చిన జవాబుని మళ్లీ వడ్డీ రేటు పక్కన పెట్టి మనమే చూసుకోవాలి. 13.48 పక్కన 12 పెడితే మిగులు ఒకటిన్నర శాతం కూడా లేదు. రూపాయల్లో చెప్పాలంటే 11.42 లక్షల అప్పు 12 శాతంతో ఐదేళ్లకి 20.13 అవుతుంది, చేతిలో ఉండేది 21.49. ఐదేళ్ల చాకిరీకి మిగిలేది 1.36 లక్షలు. అదే 18 శాతం అప్పయితే 4 లక్షల పైచిలుకు ఎదురు కట్టాలి, ఎంఐఆర్ఆర్ మాత్రం దర్జాగా 13.89 అంటుంది.

అలాగని బాబాయిని ఆపెయ్యమనలేదు. 7 శాతం అనేది యూనిట్ తప్పు కాదు, డబ్బు ఫిక్స్‌డ్ వెయ్యాలన్న ఆలోచనది. వచ్చిన డబ్బుని వచ్చినట్టే అప్పులోకి కట్టేస్తే ప్రతి రూపాయీ 12 శాతం వడ్డీ ఆదా చేస్తుంది. అప్పుడు రెండో రేటు కూడా 12 వెయ్యాలి. ఎంఐఆర్ఆర్ 15.53 అవుతుంది, చివర్లో మిగిలేది 3.38 లక్షలు. అవే గానుగలు, అదే నూనె, రెండు లక్షల తేడా! కాకపోతే ముందుగా కడితే బ్యాంకు జరిమానా వేస్తుందేమో అప్పు కాయితాల్లో చూసుకోవాలి.

నా మటుకు నాకు, ఎవరైనా ఎంఐఆర్ఆర్ ఇంత అని చెబితే ఆ రెండు రేట్లూ ఎంత వేశారని ముందు అడగాలి. రెండోదాని గురించి ఇంకాస్త గట్టిగా, "వచ్చిన డబ్బు నిజంగా ఎక్కడికెళ్తుంది?" అని అడగాలి. బాబాయి ఇప్పుడు ఫిక్స్‌డ్ మాట ఎత్తట్లేదు. బ్యాంకు మేనేజర్ని ఆ జరిమానా సంగతి అడగడానికి సోమవారం వెళ్తున్నాడు.