సందర్భం లేని వ్యాఖ్య – స్కాను చీటీ మీద ఒక వాదన



తెలుగు పరీక్షల్లో 'సందర్భసహిత వ్యాఖ్య' అనే ప్రశ్న ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో తెలియనివాడు ఎంత సొగసుగా వ్రాసినా ఆ వ్యాఖ్య చెల్లదు. మన వైద్యులు స్కాను కోరుతూ వ్రాసే చీటీలు చూడండి: "నడుము నొప్పి. ఎమ్మారై ఎల్.ఎస్. స్పైన్." అంతే! సందర్భాన్ని తన వద్దనే దాచుకొని, వ్యాఖ్య మాత్రం రేడియాలజిస్టును వ్రాయమనడం ఏ న్యాయం?

ఈ పొదుపు ఎక్కడైనా దోషమే. మా పాలమూరు, నల్లగొండ ప్రాంతాల్లో అది ప్రమాదం కూడా. ఇక్కడి రాతినేల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఫ్లోరైడు బాగా ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు చిక్కనవుతాయి. వాటిని కట్టి ఉంచే స్నాయువులు సైతం ఎముకగా మారి, వెన్నుపాము ఉండే నాళాన్ని ఇరుకు చేస్తాయి. నల్లగొండ జిల్లాలోని ఈ జబ్బును గురించి 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. ఈనాడు నల్లా నీరు వచ్చిన ఊళ్ళలోనూ, పాతనీటిని త్రాగిన పెద్దలు మన మధ్యనే ఉన్నారు. ఎముకగా మారిన స్నాయువు తిరిగి స్నాయువు కాదు గదా!

ఒక రోగిని ఊహించుకొందాము. మర్రిగూడ వైపు రైతు, వయస్సు అరవై. నడుము నొప్పి పదేళ్ళుగా ఉన్నది. కాని ఆసుపత్రికి వచ్చింది దానికోసం కాదు. ఆరు నెలలుగా కాళ్ళు బిగుసుకొని నడక తడబడుతున్నందుకు. మోకాలి వద్ద సుత్తితో తట్టితే కాలు అతిగా ఎగురుతున్నది. అరికాలు గీస్తే బొటనవ్రేలు పైకి లేస్తున్నది. ఈ రెండూ వెన్నుపాము నలుగుతున్నదనే అనుమానానికి గుర్తులు. వెన్నుపామేమో నడుము పైభాగానికే ముగుస్తుంది. కనుక దోషం వీపులోనో, మెడలోనో ఉండవలసినది. చీటీలో "నడుము" అని ఉన్నందున నడుమునే తీస్తారు. ఆ వయస్సులో అక్కడ డిస్కు కొంత ఉబికి ఉండడం సామాన్యం. నివేదికలో అదే వస్తుంది, దానికే చికిత్స మొదలవుతుంది. మెడలోని ఒత్తిడి మాత్రం అలాగే నిలుస్తుంది.

అదే చీటీ ఇలా ఉంటే?

"పురుషుడు, 60. ముప్పై ఏళ్ళు ఫ్లోరైడు ప్రాంతపు బోరునీరు. ఆరు నెలలుగా రెండు కాళ్ళ బిగువు, నడక తడబాటు. నెలగా మూత్రం ఆపుకోలేకపోవడం. మోకాలి ప్రతిచర్యలు అధికం, రెండు అరికాళ్ళూ పైకి. బొడ్డు క్రింద స్పర్శ తక్కువ. ఎక్స్‌రేలో ఎముకలు చిక్కన. పేస్‌మేకరు, శరీరంలో లోహం లేవు. ప్రశ్న: మెడ, వీపులలో వెన్నుపాముపై ఒత్తిడి ఉన్నదా? ఎక్కడెక్కడ? కారణం ఎముకగా మారిన స్నాయువా, డిస్కా, గడ్డా? శస్త్రచికిత్స నిర్ణయించవలసి ఉన్నది."

ఇందులో ప్రతి మాటకూ పని ఉన్నది. బొడ్డు క్రింద స్పర్శ తగ్గినదంటే దోషం ఆ మట్టంలో గాని, దానికి పైన గాని ఉన్నదని. కనుక మెడ వరకూ చూడాలని తెలుస్తుంది. నీటి మాట వ్రాస్తేనే చిక్కని ఎముకలకు ఫ్లోరైడు కారణమా, ప్రోస్టేటు క్యాన్సరు ప్రాకినదా అని రెండు వైపులా ఆలోచిస్తారు. స్నాయువు ఎముకగా మారినదేమోనన్న అనుమానం తెలిస్తే, ఎమ్మారైలో నల్లగా మాత్రమే కనిపించే ఆ భాగాన్ని సి.టి.తో స్పష్టంగా చూడవచ్చునని రేడియాలజిస్టే సూచించగలడు.

"చరిత్ర ముందే చెబితే చదివేవాడి చూపు ఒకవైపుకే మొగ్గుతుంది" అనేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. దానికి విరుగుడు దాచడం కాదు. చూసినది చూసినట్లు, అనుమానించినది అనుమానంగా వ్రాయడం. "ఫ్లోరోసిస్‌ను నిర్ధారించండి" అన్నది ప్రశ్న కాదు, జవాబును ముందే చేతిలో పెట్టడం. కావలసినవారు ముందుగా చిత్రం చూచి, పిదప చీటీ చదువుకోవచ్చును. లేని చీటీని ఏ క్రమంలో చదువుతారు?

"ఓ.పి.లో వందమంది, తీరిక ఎక్కడిది?" అన్నది రెండవ వాదం. వంద మంది ఉన్న మాట నిజమే. కాని పై చీటీలోనివన్నీ వైద్యుడు అప్పటికే అడిగి, తట్టి తెలుసుకొన్న విషయాలు. వ్రాయడానికి పట్టేది రెండు నిముషాలు. తప్పు చోట తీసిన స్కాను మళ్ళీ తీయడానికి రోగికి పట్టేది మరొక బస్సు ప్రయాణం, మరొక దినం కూలి, మరొక అప్పు.

పెద్దలను స్కానుకు తీసుకొని వెళ్ళే మిత్రులు బల్ల ముందు నుండి లేవకముందే ఆ చీటీ చదవండి. అందులో ప్రశ్నార్థకం లేకపోతే, "అయ్యా, ఈ స్కానుతో మీరు తెలుసుకోదలచినది ఏమిటో ఒక్క వాక్యం వ్రాయండి" అని వినయంగానే అడగండి. ఆ వాక్యం ఆయనకూ తోచకపోతే, స్కాను కన్నా ముందు మరొకసారి రోగిని పరీక్షించడమే కర్తవ్యం.