పైరవీకి ముందు రసీదు

"ఇవన్నీ పుస్తకంల మాటలమ్మా. ఎమ్మెల్యే సాబ్ పీఏ ఒక్క ఫోన్ కొట్టిండంటే గంటల పిల్లగాడు ఇంట్ల ఉంటడు." మొన్న కొత్తగూడలో జరిగిన న్యాయ విజ్ఞాన సదస్సులో ఒక పెద్దమనిషి లేచి అన్న మాట ఇది. న్యాయ సేవాధికార సంస్థ తరఫున వచ్చిన పారాలీగల్ వాలంటీరు, ఇంట్లో మనిషిని పోలీసులు పట్టుకుపోతే ఏం చేయాలో చెబుతోంది. వింటున్నవాళ్లలో ఎక్కువ మంది పాత ఊరివాళ్లు. ఫ్లైఓవర్లు లేచినా, చుట్టూ అద్దాల మేడలు కట్టినా ఇప్పటికీ "మా ఊరు" అనే అంటారు. సగం మంది నవ్వారు, మిగతావాళ్లు నిజమేనన్నట్టు తల ఊపారు. వాలంటీరు మర్యాదస్తురాలు కాబట్టి "సరే పెద్దయ్యా" అని తన మాట తాను చెప్పుకుపోయింది. నాకంత మర్యాద లేదు.

ఈ ఒక్క ఫోన్ సిద్ధాంతం కొత్తగూడ సొత్తేం కాదు. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా అరెస్టు అనగానే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది వకీలు కాదు, కోర్టు కాదు, "మనకు తెలిసినోడు ఎవడున్నడు" అన్న ప్రశ్న. ఆ తెలిసినోడు కార్పొరేటర్ వెనక తిరిగేవాడు కావచ్చు, స్టేషన్ ముందు జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నవాడు కావచ్చు. వాడికి ఎస్సై తెలుసు, ఎస్సైకి వాడు తెలుసు. అందులో మన పిల్లవాడు ఎవరికీ తెలియకుండా పోతాడు.

సంగతేమిటో వివరంగా చూద్దాం. శనివారం రాత్రి 9 గంటలకు మసీదు బండ రోడ్డులో టీ కొట్టు దగ్గర పెయింటింగ్ పనిచేసే కుర్రాణ్ణి మఫ్టీలో ఉన్న నలుగురు కారులో ఎక్కించుకున్నారనుకోండి. ఏదో హాస్టల్లో ఫోన్ పోయింది, అనుమానం. తల్లి గచ్చిబౌలి స్టేషన్‌కు ఉరికింది, అక్కడ "మా దగ్గర లేడు" అన్నారు. మాదాపూర్ స్టేషన్‌కు పోయింది, అక్కడా అదే మాట. సైబరాబాద్‌లో ఇది కొత్తేం కాదు. పట్టుకునేది ఎస్‌ఓటీ వాళ్లయితే స్టేషన్‌కు అప్పజెప్పేది ఎప్పుడో వాళ్ల ఇష్టం. అప్పుడు పైరవీకారు దిగుతాడు. "అమ్మా, లొల్లి చేయకు. వకీలును పెట్టకు, పెడితే సార్‌కు కోపమొస్తది. నేను మాట్లాడుతున్న." ఆదివారమంతా మాట్లాడుతూనే ఉంటాడు. సోమవారం పొద్దున 9 గంటలకు అరెస్టు చేసినట్టు కాగితం తయారవుతుంది.

రాజ్యాంగం 22వ అధికరణ, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 58వ సెక్షన్ చెప్పేది ఒక్కటే: పట్టుకున్న మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆదివారమైనా సరే, మెజిస్ట్రేటు ఇంటికైనా సరే. ఆ గడియారం తిరగడం మొదలయ్యేది మనిషి స్వేచ్ఛ పోయిన క్షణం నుంచి, కాగితం రాసిన క్షణం నుంచి కాదు. మన లెక్క ప్రకారం ఆ కుర్రాడి 24 గంటలు ఆదివారం రాత్రి 9కే అయిపోయాయి. స్టేషన్ లెక్క ప్రకారం సోమవారం పొద్దున మొదలయ్యాయి. శనివారం రాత్రి నుంచి ఆ 36 గంటలు ఎవరు మింగారు? వాటిని మింగడానికి తోడ్పడ్డవాడికే తల్లి 20,000 చేతిలో పెట్టింది. పైగా దండం పెట్టింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

దెబ్బలు పడేది కూడా ఈ లెక్కలో లేని గంటల్లోనే. 2023లో మెదక్‌లో ఏం జరిగిందో మరిచిపోయారా? సీసీ కెమెరాలో కనిపించిన మనిషిలా ఉన్నాడని గొలుసు దొంగతనం కేసులో ఒక కూలీని పట్టుకున్నారు, రోజుల తరబడి ఉంచారు, అతను కాదని తేలాక వదిలేశారు. ఫిబ్రవరిలో అతను గాంధీ ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టారని చనిపోయే ముందు తనే చెప్పాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. "తప్పు చేయనోడికి భయమెందుకు" అనే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల పెద్దలకు ఇంతకంటే జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

మరి వాలంటీరు చెప్పిన పుస్తకం మాట ఏమిటి? మొదట 112కు ఫోన్ చేయమంది. "మా అబ్బాయిని ఫలానా చోటు నుంచి తీసుకుపోయారు, ఎక్కడున్నాడో చెప్పండి" అంటే చాలు. కంట్రోల్ రూమ్ మనిషిని వెతికి పెడుతుందనే నమ్మకంతో కాదు. ఆ ఫోన్ ఏ వేళకు వచ్చిందన్నది తర్వాత ఎవరూ మార్చలేరని. రెండోది ఒక కాగితం. తెల్లకాగితం మీద, చేతిరాతతో, రెండు ప్రతులు. అబ్బాయి పేరు, వయసు, ఎప్పుడు, ఎక్కడ, ఎంతమంది వచ్చారు, కారు నంబరు గుర్తుంటే నంబరు, చూసినవాళ్ల పేర్లు. ఎక్కడ ఉంచారో, ఏ కేసో మాకు చెప్పలేదన్న ఒక్క వాక్యం. అంతే. "మావాడు ఆ రోజు అక్కడికి పోయిండు కానీ ఫోన్ తీయలేదు" అంటూ కథ రాయొద్దంది. అది చాలా తెలివైన మాట. కేసేమిటో తెలియకముందే తల్లి రాసిన ఆ వాక్యం రేపు కొడుకు మెడకే చుట్టుకుంటుంది. ఒక ప్రతి స్టేషన్‌లో ఇచ్చి రెండోదాని మీద ముద్ర వేయించుకోవాలి. వేయకపోతే అక్కడ వాదన వద్దు, కమిషనర్‌కు స్పీడ్ పోస్ట్ చేసి రసీదు దాచుకోవాలి. తపాలా ఆఫీసు మూసేసి ఉంటే ముందు ఈమెయిల్ పంపాలి.

ఆ రసీదుతో ఏమవుతుందని పెద్దమనిషి మళ్లీ నవ్వాడు. ఏమవుతుందంటే, సోమవారం పొద్దున అరెస్టు అని రాయబోయే చెయ్యి కాస్త ఆగుతుంది. ఆగకపోయినా, ఆదివారం నాటి ఈమెయిల్, శనివారం రాత్రి నాటి ఫోన్ మెజిస్ట్రేటు ముందు ఉంటాయి. మనిషి జాడే తెలియకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసే వకీలు మొదట అడిగేదీ ఇవే. పీఏ చేసిన ఫోన్ ఏ కోర్టులో చూపిస్తారు?

ఇంకో మోసముంది. "మనోడు మాట్లాడితే స్టేషన్ నుంచే పంపిచ్చిండ్రు" అని మురిసిపోతారు చూడండి, అందులో మనవాడి గొప్ప చాలాసార్లు ఏమీ ఉండదు. మామూలు దొంగతనానికి పడే శిక్ష మూడేళ్లలోపు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో ముందు నోటీసు ఇచ్చి పిలవాలి, అరెస్టు తప్పదనుకుంటే కారణాలు రాయాలి అని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో 41ఎ నోటీసు, ఇప్పుడు సంహితలో 35వ సెక్షన్. అంటే చట్టప్రకారం ఇంటికి పంపాల్సిన కుర్రాణ్ణే పంపి, పంపినందుకు ధర కడుతున్నారు. మన సొమ్మును మనకే అమ్ముతున్నారు. ఆ నోటీసు చేతికి వస్తే మాత్రం చెప్పిన తేదీకి తప్పకుండా పోవాలి. "సెటిల్ అయింది, పోనక్కర్లే" అన్న పైరవీకారు మాట విని ఎగ్గొడితే అప్పుడు అరెస్టుకు నిజంగానే దారి ఏర్పడుతుంది.

అరెస్టే అయితే మెమో ఉంటుంది. 1996లో డి.కె. బసు కేసు తీర్పు నుంచి వచ్చిన ఆనవాయితీ ఇది, ఇప్పుడు చట్టంలోనే ఉంది. దాని మీద ఇంటివాళ్లో, ఆ ప్రాంతం వాళ్లో ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. తల్లిని పిలిచి "ఇక్కడ పెట్టు" అంటారు. పెట్టే ముందు చూడాల్సింది ఒకటే గడి: అరెస్టు సమయం. అది తప్పయితే సంతకం కింద "శనివారం రాత్రి 9కి తీసుకుపోయారు" అని తెలుగులోనే రాసి పెట్టాలి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర కూడా వేయొద్దు. ఎందుకు పట్టుకున్నారో ఆ కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో మళ్లీ గట్టిగా చెప్పింది. అవి అడిగితే ఎస్సై ముఖం ఎలా మారుతుందో నేను చెప్పను, అడిగి చూడండి.

తర్వాత మెజిస్ట్రేటు. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరకాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ అంటుంది. రిమాండ్ వేళ వకీలు లేకపోతే మెజిస్ట్రేటునే అడగొచ్చు. కొట్టి ఉంటే ఆ నిమిషంలోనే, ఆయన ముందే చెప్పాలి, దెబ్బ చూపించాలి. బయటికి వచ్చాక చెబుతాలే అనుకుంటే వైద్య పరీక్ష కాగితంలో "గాయాలు లేవు" అని ఉండిపోతుంది. వాలంటీరు ఈ మాట చెబుతున్నప్పుడు మన పెద్దమనిషి సమోసా తింటున్నాడు.

న్యాయ సేవా సంస్థలనూ నేను వెనకేసుకు రావడం లేదు. సదస్సుల్లో సగం సేపు బ్యానర్ సరిచేయడానికి, మిగతా సగం ఫొటోలకు పోతుంది. జిల్లా సంస్థ ఆఫీసు ఎల్.బి. నగర్ కోర్టుల దగ్గర ఉంది. కొత్తగూడ నుంచి నగరం ఆ కొసకు రాత్రి పదింటికి ఏ తల్లి పోతుంది? వాలంటీరు వకీలు కాదు, కోర్టులో వాదించలేదు. ఉచిత వకీలు చేతిలో ఎన్ని ఫైళ్లుంటాయో అడగకపోవడమే మంచిది. బెయిల్ వచ్చినా జమానతు దగ్గర పేదవాడు మళ్లీ ఆగిపోతాడు. ఒక మేస్త్రీకి 10,000 జమానతు అడిగి, పక్క జిల్లా వాళ్లు పనికిరారంటే అదేం న్యాయమని మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే నిలదీశారు. అయినా కిరాయి ఇంట్లో ఉండేవాణ్ణి ఇంటిపన్ను రసీదు అడగడం మన కోర్టులు మానలేదు. దొంగ జమానతుదార్ల వ్యాపారం అక్కడే పుట్టింది. అదీ పైరవీయే.

మరి ఏం చేద్దాం? బస్తీకి ఇద్దరు ఈ కాగితం రాయడం నేర్చుకుంటే చాలనిపిస్తుంది. యువజన సంఘాలు వినాయకుడి చందా పుస్తకం పక్కన దీని నమూనా ఒకటి పెట్టుకోవచ్చు. ఎవరు నడుపుతారు, ఎలా నడుపుతారు అంటే నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. పోలీసులు పగబడతారేమో అంటారా? కాగితం లేనివాడి మీద పగబట్టడమే వాళ్లకు సులువు.

న్యాయ సేవల నంబరు 15100. పిల్లవాణ్ణి తీసుకుపోయిన రాత్రి ముందు 112కూ దీనికీ ఫోన్ చేయండి, కాగితం రాయండి, రసీదు తీసుకోండి. ఆ తర్వాత కూడా ఎమ్మెల్యే సాబ్ ఇంటికి పోవాలనిపిస్తే పోండి, నేను ఆపను. పైరవీకారు "లొల్లి చేయకు" అంటే మాత్రం వాణ్ణి గడప దాటి లోపలికి రానీయకండి.