సీత ఒక్కతే, స్పెల్లింగులు నాలుగు

సీత అని తెలుగులో ఒక్క రకంగానే రాస్తాం. ఇంగ్లీషులో SITA, SEETA, SITHA, SEETHA అని నాలుగు రకాలుగా రాసేవాళ్లున్నారు. మనిషీ మారలేదు, పిలుపూ మారలేదు. న్యూమరాలజీ మాత్రం ఆమె అదృష్టం మారిపోతుందంటుంది.

బాగా చలామణిలో ఉన్నది కీరో ప్రచారం చేసిన కల్దియన్ పట్టిక. అందులో A, Iలకు 1, Sకు 3, Tకు 4, E, Hలకు 5. ఆ లెక్కన SITA 9. మధ్యలో H చేరిస్తే SITHA 14, అంకెలు కూడితే 5. అంటే 9కి అధిపతైన కుజుడి కింద ఉన్న పిల్ల ఒక్క అక్షరంతో 5కు అధిపతైన బుధుడి కిందికి వచ్చేసింది.

ఇంతకీ ఆ H ఎక్కడిది? ట, త రెండింటికీ ఇంగ్లీషులో ఉన్నది T ఒక్కటే. తేడా తెలియడానికి దక్షిణాదిన తకు TH రాయడం అలవాటైంది. ఉత్తరాదిన తకు T చాలనుకుని, THని థకు ఉంచుకున్నారు. అంటే గ్రహాన్ని మార్చింది బడి రిజిస్టరులో పేరు ఎక్కించినవారి అలవాటు.

దీర్ఘం సంగతి ఇంకా తమాషా. I తీసి EE పెడితే 1 పోయి 10 వస్తుంది, తేడా 9. తొమ్మిది ఎంతకు కలిపినా చివరి ఒంటి అంకె మారదు. అందుకే SEETA 18 అయినా మళ్లీ 9కే వస్తుంది. SEETHA 23, అదీ SITHA లాగే 5. ఉచ్చారణను దగ్గరగా చూపే దీర్ఘానికి విలువ లేదు, సీతలో వినబడని ఒత్తుకు మాత్రం ఉంది!

ఇక పైథాగరస్ పేరిట నడిచే పట్టిక తీయండి. అక్కడ Iకి 9, Hకు 8, Sకు 1, Tకు 2. మొదట రాసిన వరసలో ఆ నాలుగు స్పెల్లింగులకు 4, 5, 3, 4 వస్తాయి. రెండు పట్టికలూ ఒక్క స్పెల్లింగు దగ్గరా కలవలేదు. ఏది నిజమో తేల్చే పరీక్ష ఎవరూ చెప్పరు.

పైగా రెండు పట్టికల్లోనూ Aకు 1 కాబట్టి, ఒక్కో A తగిలిస్తూ పోతే ఏ పేరునైనా కోరిన అంకెకు చేర్చవచ్చు. కల్దియన్ లెక్కలో SEETHAA అంటే 6. ఫలితం రాకపోతే ఇంకో అక్షరం సిద్ధం. ఓడిపోయే వీలే లేని లెక్క దేన్నీ రుజువు చేయదు. ఈలోగా ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉన్న పేరుతో పాస్‌పోర్టు దగ్గర తిప్పలు పడేది సీతే.

నమ్మేవారు ఒక పని చేయవచ్చు. ఈ అంకెలకు చెప్పే ఫలాలను విడివిడి కాగితాలపై రాసి, అంకె చెప్పకుండా, సీత పేరున్న వేర్వేరు స్పెల్లింగుల వాళ్లకు ఇచ్చి తమది ఏదో ఎంచుకోమనండి. స్పెల్లింగులో నిజంగా బలముంటే, కాకతాళీయంగా కుదిరే దానికన్నా ఎక్కువమంది తమ కాగితాన్నే పట్టుకోవాలి. డబ్బు కట్టి అక్షరం చేర్చేముందు ఆ ఫలితం అడగండి.